వలస గీతల మ్యాప్: మందం ఎలా కొలవాలి, గీత ఎలా గీయాలి, ఏ టూల్ వాడాలి

శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు గీసిన గీత సన్నగా, పొడుగ్గా మ్యాప్‌కు అడ్డంగా సాగింది. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు గీసింది పొట్టిగా, లావుగా, దుంగ ముక్కలా ఉంది. ప్రింట్ తీసి టేబుల్ మీద పెడితే, చూసిన మొదటి మనిషి అడిగిన మాట: "శ్రీకాకుళం వాళ్లే ఎక్కువమంది వస్తున్నారా అండీ?" నా ఫైల్‌లో పాలమూరు లెక్క శ్రీకాకుళం లెక్కకు ఐదు రెట్లు. గీతల మందం కూడా సరిగ్గా ఐదు రెట్లే ఉంది. అయినా చూసినవాళ్లకు తప్పుడు కథే చేరింది.

అందుకే ఈ మ్యాపు మొదలుపెట్టేవాళ్లు "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది" అన్న ప్రశ్న కన్నా ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. అంకెను మందంగా ఎలా మార్చాలి, గీతను ఏ ఆకారంలో గీయాలి. ఆ రెండూ తేలితే టూల్ దాదాపు అదే తేలిపోతుంది.

మాట్లాడుకోవడానికి ఒక చిన్న ఫైల్ పెట్టుకుందాం. దారులు మనందరికీ తెలిసినవే: పాలమూరు నుంచి హైదరాబాద్‌కు కూలీ పనులకు, కర్నూలు నుంచి గుంటూరుకు మిరపకోతకు, శ్రీకాకుళం నుంచి విశాఖకు. అంకెలు మాత్రం లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసినవి. వాటిని సర్వే ఫలితాలుగా తీసుకోవద్దు. కోడ్‌లు 2011 జనగణన జిల్లా కోడ్‌లు: 538 మహబూబ్‌నగర్, 539 నల్గొండ, 542 శ్రీకాకుళం, 544 విశాఖ, 548 గుంటూరు, 552 కర్నూలు, 553 అనంతపురం.

```
origin,dest,people
538,HYD,12000
539,HYD,6000
552,548,4800
542,544,3000
542,HYD,2400
HYD,538,900
553,HYD,600
```

ఇలా "ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంతమంది" అని జిల్లా జంటలుగా ఉన్న పట్టిక జనగణనలో దొరుకుతుందని చాలామంది వెతుకుతారు. 2011 డి సిరీస్‌లో జిల్లావారీ వలస పట్టికలు ఉన్నాయి. కానీ వాటిలో వచ్చినవాళ్ల పాత నివాసం "అదే జిల్లా", "అదే రాష్ట్రంలో వేరే జిల్లా", "ఫలానా రాష్ట్రం" అన్నట్టుగానే ఉంటుంది. ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకో ఆ పట్టికల్లో తేలదు. కాబట్టి మీ జంటల లెక్క సొంత సర్వే నుంచో, కార్మికుల నమోదు పుస్తకాల నుంచో రావాలి. ఒక సీజన్‌కు పోయి తిరిగొచ్చేవాళ్లు ఆ లెక్కలో ఉన్నారో లేదో మ్యాపు కింద రాసి తీరాలి. మిరపకోతకు పోయేవాళ్లు ఏడాదిలో కొన్ని వారాలే గుంటూరులో ఉంటారు.

హెచ్‌వైడీ అని ఎందుకు పెట్టానంటే

పాత పది జిల్లాల మ్యాపులో రంగారెడ్డి జిల్లా హైదరాబాద్ చుట్టూ ఉంగరంలా ఉంటుంది. దాని జిల్లా కార్యాలయం కూడా హైదరాబాద్ నగరంలోనే ఉండేది. గీత చివర పెట్టాల్సిన బిందువుకు జిల్లా కేంద్రాన్ని తీసుకుంటే రెండు జిల్లాలూ ఒకేచోట పడతాయి. సెంట్రాయిడ్, అంటే ఆకారం నట్టనడి బిందువు తీసుకున్నా అది ఉంగరం మధ్యే, దాదాపు హైదరాబాదే. అప్పుడు పాలమూరు నుంచి రెండు జిల్లాలకు పోయే గీతలు ఒకదాని మీద ఒకటి పడి, పైదే కనిపిస్తుంది, కిందిది మాయమవుతుంది. రంగారెడ్డి బిందువును చేత్తో ఇబ్రహీంపట్నం వైపు జరపడం ఒక దారి. రెండు జిల్లాలనూ కలిపి ఒకే గమ్యంగా చూపడం ఇంకో దారి. నేను రెండోదే ఎంచుకుంటాను, ఎందుకంటే నగరానికి పనికి వచ్చే మనిషికి ఆ సరిహద్దుతో పని లేదు. కాకపోతే హైదరాబాద్ నుంచి రంగారెడ్డికి మారినవాళ్లు ఈ మ్యాపులో కనిపించరు. ఆ మాట కూడా కింద రాయాలి.

2011 లెక్కను ఇప్పటి సరిహద్దుల మీద వేయకండి. తెలంగాణలో 2016 నుంచి 31, 2019 నుంచి 33 జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 26 జిల్లాలు అయ్యాయి. మహబూబ్‌నగర్ అన్న పేరు అలాగే ఉంది, కానీ అప్పటి జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట విడిపోయాయి. పేరు కలిసింది కదా అని జాయిన్ పెడితే మొత్తం పాత జిల్లా లెక్క కొత్త చిన్న జిల్లా మీద పడుతుంది. ఏ ఎర్రర్ మెసేజీ రాదు.

మందం: నాలుగు పద్ధతులు

మొదటిది, సున్నా నుంచి నేరు లెక్క. ఇన్నిమందికి ఒక మిల్లీమీటరు అని పెట్టుకుని భాగించడమే. మన ఫైల్‌లో అతి పెద్ద లెక్క 12000. దానికి 8 మి.మీ. ఇద్దామనుకుంటే మిల్లీమీటరుకు 1500 మంది. నల్గొండకు 4 మి.మీ., కర్నూలు నుంచి గుంటూరుకు 3.2, శ్రీకాకుళం నుంచి విశాఖకు 2, శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు 1.6, అనంతపురానికి 0.4. ఫ్రెంచ్ ఇంజనీర్ చార్లెస్ మినార్డ్ నెపోలియన్ రష్యా దండయాత్ర మీద 1869లో వేసిన మ్యాపులో పద్ధతి కూడా ఇదే. పదివేల మంది సైనికులకు ఒక మిల్లీమీటరు అని ఆయన మ్యాపు మీదే రాసిపెట్టాడు.

రెండోది మీరు ఎంచుకునేది కాదు, టూల్ మీకు తెలియకుండా చేసేది. ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో `scale_linewidth()` అని ఊరికే వదిలేస్తే అది డేటాలోని అతి చిన్న లెక్కకు 1, అతి పెద్ద లెక్కకు 6 ఇచ్చి మధ్యవాటిని ఆ మధ్యలో సర్దుతుంది. 600కు, 12000కు మధ్య అసలు తేడా ఇరవై రెట్లు. మ్యాపు మీద కనిపించేది ఆరు రెట్లు. చూడ్డానికి మ్యాపు చక్కగానే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టుకోరు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మందానికి అసిస్టెంట్ వాడి కనిష్ఠ సైజు సున్నా కాకుండా వదిలేసినా ఇదే జరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఒక జంట లెక్కను సరిగ్గా సగం చేసి మళ్లీ గీయండి. ఆ గీత మందం సగం కాకపోతే మీ స్కేల్ సున్నా నుంచి మొదలవడం లేదు. పరీక్షకు అన్నిటికన్నా చిన్నదీ పెద్దదీ కాకుండా మధ్యలోని జంటను తీసుకోండి.

మూడోది వర్గమూలం లేదా లాగ్. చిన్న గీతలు కనబడటం లేదని చాలామంది ఇటు మళ్లుతారు. వర్గమూలం తీస్తే ఆ ఇరవై రెట్లు నాలుగున్నర రెట్లవుతుంది. లాగ్ తీస్తే దాదాపు ఒకటిన్నర రెట్లే. వృత్తాల మ్యాపులో వర్గమూలం సరైనదే, ఎందుకంటే అక్కడ వైశాల్యం లెక్కను చెబుతుంది. ఆ అలవాటు మీద గీతకు కూడా వాడేస్తారు. గీతలో కన్ను పోల్చేది మందాన్ని. అనంతపురం నుంచి 600 మంది వస్తే, పాలమూరు నుంచి వచ్చే 12000 మంది 900 మందిలా అనిపించే మ్యాపుతో ఎవరికీ ఉపయోగం లేదు. వలసల విషయంలో నేను లాగ్‌ను ఎప్పుడూ ఒప్పుకోను. బస్సులు, రేషన్ పోర్టబిలిటీ, పిల్లల సీజనల్ హాస్టళ్లు ఎక్కడ ఎన్ని కావాలో చూసేవాళ్లు మందాన్నే నమ్ముతారు.

నాలుగోది తరగతులు: వెయ్యి లోపు ఒక మందం, వెయ్యి నుంచి ఐదు వేల దాకా ఇంకొకటి, ఆ పైన మరొకటి. మీ లెక్కలే ఉజ్జాయింపు అయినప్పుడు ఇదే నిజాయితీగల పద్ధతి. ఊరి పెద్దలను అడిగి "ఓ మూడు నాలుగు వేలమంది ఉంటారు" అన్న మాట మీద కట్టిన డేటాను మిల్లీమీటరులో పదోవంతు దాకా కొలిచి గీయడం తప్పు. పత్రికలో చిన్న సైజులో అచ్చయ్యే మ్యాపుకు కూడా మూడు తరగతులు చాలు.

లెక్కలు గట్టివైతే మొదటి పద్ధతి, ఉజ్జాయింపైతే నాలుగోది. ఇక చిన్న గీతలు కనబడవన్న ఇబ్బంది ఉంది కదా, దానికి మందాన్ని వంచడం మందు కాదు. ప్రింట్‌లో 0.2 మి.మీ. కన్నా సన్నని గీత నమ్మకంగా పడదు. ఏ4 కాగితం మీద 8 మి.మీ. కన్నా లావు గీత కింద ఉన్న జిల్లాలను మింగేస్తుంది. అంటే ఒక మ్యాపు మోయగలిగింది దాదాపు నలభై రెట్ల తేడాను. మన ఫైల్‌లో ఇరవై రెట్లే కాబట్టి ఇబ్బంది లేదు. మీ డేటాలో తేడా అంతకు మించితే, పెద్ద లెక్కలో నలభయ్యో వంతు కన్నా తక్కువున్న జంటలను గీయకుండా వదిలేసి, "ఇంతమంది లోపు ఉన్న ఇన్ని జంటలు చూపలేదు, వాటి మొత్తం ఇంత" అని ఒక వాక్యం రాయండి.

ఆకారం: దుంగా, దారమా

మొదట్లో చెప్పిన శ్రీకాకుళం తప్పు ఇక్కడిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం ఏ4 అడ్డం కాగితం మీద వేస్తే ఒక మిల్లీమీటరుకు సుమారు 4 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ పట్టణం నుంచి హైదరాబాద్‌కు నేరుగా 90 కిలోమీటర్ల లోపే, అంటే మ్యాపు మీద 22 మి.మీ. శ్రీకాకుళం నుంచి దాదాపు 580 కిలోమీటర్లు, అంటే 145 మి.మీ. ఇప్పుడు ఒక్కో గీతకు పట్టిన సిరా చూడండి. పాలమూరుది 22 పొడవు, 8 మందం, మొత్తం 176 చదరపు మిల్లీమీటర్లు. శ్రీకాకుళానిది 145 పొడవు, 1.6 మందం, మొత్తం 232. ఐదో వంతు మంది ఉన్న గీతకు ఎక్కువ సిరా పడింది. కన్ను ముందు దాన్నే చూస్తుంది.

మందం లెక్కను చెబుతుందని తెలిసినవాళ్లు కూడా దీని నుంచి తప్పించుకోలేరు. గీత పొడవును మనం మార్చలేం, దూరం దూరమే. నేను చేసేది, మందంతో పాటు రంగును కూడా లెక్కకు కట్టడం. ఎక్కువమంది ఉన్న గీత ముదురు, తక్కువమంది ఉన్నది లేత. పొడుగాటి సన్న గీత లేతగా వెనక్కి పోతుంది. దానికి తోడు అన్నిటికన్నా పెద్దవైన నాలుగైదు గీతల పక్కన అంకె రాస్తాను. ఈ రెండూ చేశాక మళ్లీ ప్రింట్ తీసి చూపిస్తే శ్రీకాకుళం ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఇక తిన్నని గీతా, వంపు గీతా అన్నది. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు 12000, హైదరాబాద్ నుంచి పాలమూరుకు 900 అని రెండు వరుసలున్నాయి. తిన్నగా గీస్తే రెండూ ఒకే దారిలో పడతాయి, 900 గీత 12000 గీత మధ్యలో నామంలా కనిపిస్తుంది. దీనికి రెండు దారులు. తిన్న గీతనే ఉంచి, దాని మందంలో సగం మేర పక్కకు జరపడం ఒకటి. రెండు గీతల దిశలు వేరు కాబట్టి అవి వాటంతట అవే చెరో పక్కకు వెళ్తాయి, రోడ్డు మీద వచ్చే బండ్లు, పోయే బండ్లు విడిపోయినట్టు. వంపు గీయడం రెండోది. అన్ని గీతలూ వెళ్లే దిశకు ఒకే పక్కకు వంగితే ఎదురెదురు గీతలు విల్లులా విడిపోతాయి.

గమ్యం ఒకటీ రెండే ఉండి, గీతలు పది పదిహేను లోపుంటే తిన్న గీత చాలు, కొలవడం తేలిక. గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటుంటే వంపు మేలు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు తిన్నగా గీస్తే విశాఖ జిల్లా మీదుగా పోతుంది, అక్కడ ఆగినట్టూ అనిపిస్తుంది. కొంచెం వంచితే ఆ అనుమానం పోతుంది. మరీ వంచితే మాత్రం గీత ఇంకా పొడవై సిరా సమస్య పెరుగుతుంది.

మొదట లావుగా ఉండి చివరికి సన్నబడే గీతతో దిశ చూపడం అందంగానే ఉంటుంది, కానీ లెక్కను మందంలో చూపే మ్యాపుకు పనికిరాదు. ఒకే గీతకు మందం చోటుచోటుకూ మారితే ఎక్కడ కొలవాలి? దిశకు చివర చిన్న బాణం పెట్టండి. బాణం తల సైజు మందంతో పాటు పెరగనివ్వకండి, లేకపోతే 8 మి.మీ. గీతకు వచ్చే తల హైదరాబాద్ పేరునే కప్పేస్తుంది.

టూల్: మూడింటిలో ఏది

క్యూజీఐఎస్ నా మొదటి ఎంపిక, ముఖ్యంగా ఒకే మ్యాపును చేత్తో సరిదిద్దుతూ ప్రింట్‌కు తయారు చేసేటప్పుడు. జిల్లా బిందువుల లేయర్‌ను, మన ఫైల్‌ను తెచ్చి వర్చువల్ లేయర్‌లో ఈ క్వెరీ ఇస్తే గీతలు వస్తాయి:

```sql
SELECT f.origin, f.dest, f.people,
       MakeLine(a.geometry, b.geometry) AS geometry
FROM flows f
JOIN points a ON f.origin = a.code
JOIN points b ON f.dest = b.code
```

తరవాత గీత మందం దగ్గర డేటా డిఫైన్డ్ బటన్ నొక్కి `"people" / 1500` అని రాసి, యూనిట్ మిల్లీమీటర్లని ఉంచితే చాలు. ఆఫ్‌సెట్‌కు `"people" / 3000`. గీతలు తప్పు పక్కకు పోతే ముందు మైనస్ పెట్టండి. అసిస్టెంట్ జోలికి పోనక్కర్లేదు. ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. మామూలుగా `Cap style` అన్నది `Square`గా ఉంటుంది. అది గీతను దాని మందంలో సగం మేర చివరల బయటికి పొడిగిస్తుంది. 8 మి.మీ. గీత 4 మి.మీ. ముందుకు, అంటే మన మ్యాపులో దాదాపు 16 కిలోమీటర్లు హైదరాబాద్ దాటి పోతుంది. దాన్ని `Flat` చేయండి. రెండోది, పెద్ద గీతలు కింద, చిన్నవి పైన పడేలా రెండరింగ్ ఆర్డర్‌ను `people` మీద పెట్టండి.

ఆర్ ఎప్పుడంటే, అదే మ్యాపు పదిసార్లు గీయాల్సి వచ్చినప్పుడు. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి, ఏడాదికొకటి, గమ్యానికొకటి. ఒకే కొలత అన్నిటికీ తప్పకుండా వర్తిస్తుంది, చేయి జారే వీలుండదు. ggplot2లో మందం యూనిట్ ఒకటి అంటే సుమారు 0.75 మి.మీ., అందుకే కింద 0.75తో భాగించాను. `ox`, `oy` మొదలు బిందువు, `dx`, `dy` చివరి బిందువు; వాటిని ముందే `flows`లో కలుపుకోవాలి.

```r
flows$w <- flows$people / 1500 / 0.75
ggplot() +
  geom_sf(data = districts, fill = "grey95") +
  geom_curve(data = flows, curvature = 0.2, lineend = "butt",
    aes(x = ox, y = oy, xend = dx, yend = dy, linewidth = w)) +
  scale_linewidth_identity()
```

చివరి వరుసే ముఖ్యం. అది లేకపోతే ఇందాకటి ఒకటి నుంచి ఆరు సర్దుబాటు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. జిల్లా లోపలే మారినవాళ్ల వరుసలు ఫైల్‌లో ఉంటే, మొదలూ చివరా ఒకే బిందువు కావడం వల్ల `geom_curve` ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇది మంచిదే, ఆ వరుసలున్నాయని తెలుస్తుంది. క్యూజీఐఎస్ అలాంటివాటి గురించి ఏమీ చెప్పదు.

మూడోది flowmap.blue. గూగుల్ షీట్‌లో జిల్లాల బిందువులు ఒక పేజీలో, జంటల లెక్క ఇంకో పేజీలో పెడితే బ్రౌజర్‌లోనే మ్యాపు వస్తుంది. జూమ్ చేసుకుంటూ, ఒక జిల్లా మీద వేలు పెట్టి దాని గీతలే చూస్తూ తిరగడానికి దీనికి సాటి లేదు. డేటా చేతికి వచ్చిన మొదటి రోజు నేను తెరిచేది దీన్నే. కానీ ప్రింట్‌కు, రిపోర్టుకు వద్దు. జూమ్‌ను బట్టి పక్కపక్క బిందువులను కలిపేస్తుంది, కనిపిస్తున్న గీతలను బట్టి మందం స్కేల్‌ను మార్చుకుంటుంది. రెండు స్క్రీన్‌షాట్లు పక్కన పెడితే ఒకే మందానికి రెండు అర్థాలుంటాయి. పైగా షీట్‌ను లింక్ ఉన్న ఎవరైనా చూసేలా తెరవాలి. ఒక మండలం నుంచి ఒక ఇటుక బట్టీకి పోయిన ఏడుగురి లెక్క అందులో ఉంటే, ఆ ఏడుగురెవరో ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అలాంటి డేటాను అక్కడ పెట్టకండి.

గీసే ముందు, గీశాక

ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకు జంటలు 506. తెలంగాణ 33 జిల్లాలకే 1056. ఇవన్నీ ఒకే మ్యాపులో గీస్తే ఏ స్కేల్, ఏ వంపూ కాపాడలేవు. గమ్యానికొక చిన్న మ్యాపు చొప్పున, అన్నిటికీ ఒకే కొలతతో వేయండి. హైదరాబాద్‌కు వచ్చేవాళ్లు ఒకదాంట్లో, గుంటూరుకు వచ్చేవాళ్లు ఇంకోదాంట్లో. రానూ పోనూ తీసేసి నికర వలస ఒక్కటే చూపితే గీతలు సగమవుతాయి కానీ, సీజన్ కూలీల విషయంలో పోయినవాళ్లు, తిరిగొచ్చినవాళ్లు చెల్లుకుపోయి గీతే మిగలదు. అసలు చెప్పాల్సిన విషయమే ఆ పోక, ఆ రాక.

గీశాక మొదట చేయాల్సింది కూడిక. మన ఫైల్‌లో మొత్తం 29700. గీతల లేయర్‌లో `people` మొత్తం కూడా అంతే రావాలి. తక్కువ వస్తే జాయిన్‌లో వరుసలు రాలిపోయాయి. ఎక్కువ వస్తే బిందువుల లేయర్‌లో ఒకే కోడ్ రెండుసార్లు ఉంది. రాలిపోవడానికి తరచూ కారణం, ఒక ఫైల్‌లో కోడ్ అంకెగా, ఇంకోదాంట్లో అక్షరాలుగా ఉండటం. కోడ్ బదులు పేరు మీద జాయిన్ చేస్తే మహబూబ్‌నగర్ ఇంగ్లిష్ స్పెల్లింగే రెండు మూడు రకాలుగా దొరుకుతుంది. నెల్లూరు, కడప పేర్లు మారినవి ఒక ఫైల్‌లో ఉంటాయి, మారనివి ఇంకోదాంట్లో ఉంటాయి.

చివరికి ప్రింట్ మీద స్కేలు పెట్టి పాలమూరు గీతను అడ్డంగా కొలవండి. 8 మి.మీ. రావాలి. ఏడున్నర వస్తే ప్రింటర్ సెట్టింగుల్లో పేజీకి సరిపోయేలా కుదించడం ఆన్‌లో ఉంది. కాగితం, పీడీఎఫ్, ఫోన్ స్క్రీన్ ఒక్కోచోట ఒక్కోలా కుదిస్తాయి కాబట్టి, "1 మి.మీ. = 1500 మంది" అన్న వాక్యాన్ని లెజెండ్‌లో రాయను. దాని బదులు 12000, 3000, 600కు మూడు గీతలు అదే కొలతతో గీసి పక్కన అంకెలు పెడతాను. మ్యాపు ఎంత కుదించుకుపోయినా ఆ మూడూ దానితో పాటే కుదించుకుపోతాయి.